స్క్రీన్ పసుపు చేస్తే కంటి మంట తగ్గుతుందా?

(హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఐటీ ఉద్యోగుల కోసం ఒక ఆప్టోమెట్రిస్ట్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వారానికి ఒక్కసారి దొరికే శనివారం సాయంత్రాన్ని నా కోసం ఇచ్చారు, కాబట్టి సూటిగా విషయంలోకి వచ్చేస్తాను. ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ల్యాప్‌టాప్‌లో గానీ ఫోన్‌లో గానీ నైట్ మోడ్ పెట్టుకున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. దాదాపు అందరూ. సరే, దించండి. అది పెట్టుకున్నాక కంటి మంట తగ్గిందని గట్టిగా చెప్పగలిగేవాళ్లు? ఒకటి, రెండు, మూడు. వెనకాల ఇంకొకరు. నలుగురు.

నా గదికి వచ్చేవాళ్లలోనూ ఇంతే. "మేడం, నైట్ మోడ్ పెట్టాను, బ్లూ కట్ కళ్లజోడు కొన్నాను, ఫోన్‌లో యాప్ కూడా వేశాను, అయినా కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటోంది" అంటారు. అన్నీ చేసినా ఎందుకు తగ్గలేదు? ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. నైట్ మోడ్ అని మనం రెండు వేర్వేరు వాటిని పిలుస్తున్నాం. ఒకటి, స్క్రీన్ మొత్తం పసుపు లేదా నారింజ రంగులోకి తిరగడం. విండోస్‌లో దాని పేరు Night light, ఐఫోన్‌లో Night Shift, కొన్ని ఫోన్లలో Eye comfort అని ఉంటుంది. వీటికంటే ముందే, 2009లో, f.lux అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పని మొదలుపెట్టింది. ఆపిల్ 2016లో ఫోన్లలోనే ఇచ్చేసింది, విండోస్‌లో 2017లో వచ్చింది. రెండోది డార్క్ మోడ్. అంటే నల్లటి వెనుకభాగం మీద తెల్లటి అక్షరాలు. ఈ రెండూ చేసే పనులు వేరు, వీటి వల్ల వచ్చే ఇబ్బందులు కూడా వేరు. ఎక్కువగా మొదటి దాని గురించే మాట్లాడతాను, డార్క్ మోడ్ గురించి తర్వాత రెండు మాటలు చెప్తాను.

పసుపు చేసే యాప్ లోపల ఏం చేస్తుంది? స్క్రీన్ మీద ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చిన్న దీపాలు ఉన్నాయనుకోండి. మూడూ సమానంగా వెలిగితే తెలుపు. ఈ యాప్ గ్రాఫిక్స్ కార్డుకు "నీలాన్ని బాగా తగ్గించు, ఆకుపచ్చను కొంచెం తగ్గించు" అని చెబుతుంది. అంతే. అక్షరం సైజు మారదు. మీకూ స్క్రీన్‌కూ మధ్య దూరం మారదు. మీరు రెప్ప వేసే తీరు మారదు. ఏసీ గాలి ఎటు నుంచి వస్తోందో అదీ మారదు. మారేది రంగు ఒక్కటే.

మరి ఆ రంగు మార్చడం దేనికి? నిద్ర కోసం. 2002లో అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బెర్సన్ బృందం కంటి వెనక పొరలో ఒక ప్రత్యేకమైన కణాల గుంపు గురించి చెప్పింది. ఆ కణాల ముఖ్యమైన పని బొమ్మను చూపించడం కాదు. బయట వెలుగుందా, చీకటి పడిందా అని మెదడుకు కబురు చేయడం. నీలం వైపు ఉండే వెలుగుకు అవి ఎక్కువ స్పందిస్తాయి. "ఇంకా పగలే" అన్న కబురు వెళితే, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఊరడం ఆలస్యమవుతుంది. ఆ కబురును బలహీనపరచడానికే నీలం తగ్గిస్తారు. కంటి మంటకు దీనితో సంబంధం ఎక్కడుంది? లేదు. మంట పుట్టేది కంటి ముందు భాగంలో, కన్నీటి పొరలో. ఈ కణాలుండేది కంటి వెనక గోడలో.

ఇక్కడే చాలామంది అడుగుతారు, "నీలి వెలుగు కంటిని పాడు చేస్తుందట కదా?" అని. ఒక్కసారి పోల్చి చూడండి. పగలు మబ్బు పట్టినా సరే, ఆరుబయట వేల లక్స్ వెలుగు ఉంటుంది. మీ మానిటర్ నుంచి కంటికి చేరేది మామూలుగా వంద లక్స్ చుట్టుపక్కల. ఆకాశంలో ఉన్నంత నీలం మీ మానిటర్‌లో లేదు. బ్లూ కట్ కళ్లద్దాల సంగతీ తేలిపోయింది. 2023లో, వైద్య ప్రయోగాల ఫలితాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ పదిహేడు ప్రయోగాలను కలిపి పరిశీలించింది. మామూలు అద్దాలతో పోలిస్తే ఈ అద్దాలు కంటి అలసటను స్వల్పకాలంలో తగ్గిస్తాయనడానికి ఆధారం దొరకలేదు. ఇప్పటికే కొనుక్కున్నవాళ్లు బాధపడకండి, వాటితో నష్టం లేదు. పవర్ సరిగ్గా ఉంటే వాడుకోండి. కానీ మళ్లీ అదే కోటింగ్ కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

ఇప్పుడు ఒకాయన గురించి చెప్తాను. పేరు వద్దు. వయసు నలభై మూడు. అమెరికా కంపెనీకి సపోర్ట్ ఇచ్చే టీమ్‌లో పని. సాయంత్రం ఆరున్నరకు లాగిన్, తెల్లవారుజామున మూడున్నరకు లాగౌట్. ఇంటికి చేరి అయిదింటికి పడుకుని పదకొండుకు లేవాలని ఆయన ప్లాన్. ఆయన బాధలు మూడు. రాత్రి తొమ్మిది దాటితే కళ్లు మంట, నీళ్లు కారడం. పన్నెండు దాటితే అక్షరాలు మసకబారి, నుదురు, మెడ లాగేయడం. ఇంటికి వెళ్లాక అయిదింటికి పడుకున్నా ఆరున్నర దాకా నిద్ర పట్టకపోవడం. మూడింటికీ ఆయన వాడుతున్న మందు ఒక్కటే, Night light. స్లైడర్ చివరిదాకా లాగి పెట్టారు. నేను ఆయనతో ఒకటే అన్నాను: "సార్, ఇవి మూడు వేర్వేరు జబ్బులు. ఒక్కొక్కటిగా చూద్దాం."

మొదట మంట. ఇప్పుడు మీరందరూ నాతో కలిసి ఒక పని చేయండి. కాంటాక్ట్ లెన్స్ ఉన్నవాళ్లు చేయొద్దు. ఒకసారి గట్టిగా రెప్ప వేయండి. ఇక వేయకుండా నాతో పాటు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ముందు వరసలో ఇద్దరు అప్పుడే వేసేశారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. చాలు, వేయండి. పది దాకా ఆగలేకపోయినవాళ్ల కన్నీటి పొర తొందరగా చిట్లిపోతోందని అనుమానించొచ్చు. ఇది ఇంట్లో చేసుకునే ఉజ్జాయింపు మాత్రమే. మేమైతే కంట్లో రంగు చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తూ సెకన్లు లెక్కపెడతాం. పది సెకన్లు దాటితే బాగున్నట్టు. ఆయనకు నాలుగు వచ్చింది.

ఎందుకలా? మామూలుగా మనం నిమిషానికి పదిహేను సార్లు దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ ముందు కూర్చుంటే అది అయిదు నుంచి ఏడుకు పడిపోతుంది. పైగా వేసే రెప్ప కూడా సగమే పడుతుంది. రెప్పల అంచున చిన్న చిన్న నూనె గ్రంథులు ఉంటాయి. రెప్ప పూర్తిగా మూసుకుని రెండు అంచులూ తగిలినప్పుడే ఆ నూనె బయటికి వచ్చి కన్నీటి మీద పొరలా పరుచుకుంటుంది. నూనె పొర లేకపోతే నీరు ఆవిరైపోతుంది. మరి కళ్లు ఎండిపోతే నీళ్లు ఎందుకు కారుతున్నాయని ఆయన అడిగారు. మంచి ప్రశ్న. మంటకు కన్ను తిరగబడి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు బుగ్గ మీదికి జారిపోతాయి గానీ పొరగా నిలబడవు.

దీనికి రంగు ఏం చేయగలదు? ఏమీ చేయలేదు. ఇక్కడ పనికొచ్చేది ఇంకో రకం యాప్, విరామం గుర్తుచేసేది. స్ట్రెచ్‌లీ అని ఒకటుంది, ఉచితం. Stretchly అని వెతకండి. విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో మూడింట్లోనూ పనిచేస్తుంది. మామూలుగా ప్రతి పది నిమిషాలకు ఇరవై సెకన్లు స్క్రీన్‌ను కప్పేస్తుంది. అరగంటకోసారి అయిదు నిమిషాల పెద్ద విరామం అడుగుతుంది. పది నిమిషాలకోసారి అంటే మొదటి రోజే విసుగొచ్చి తీసిపారేస్తారు. నేను చూసిన చాలామంది అలాగే చేశారు. అందుకని సెట్టింగ్స్‌లో చిన్న విరామాన్ని ఇరవై నిమిషాలకు మార్చుకోండి. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల అవతలికి, ఇరవై సెకన్లు చూడమని మీరు వినే ఉంటారు. కానీ ఆ ఇరవై సెకన్లలో చాలామంది ఏం చేస్తారు? ఫోన్ తీస్తారు! ఫోన్ అంటే ఇంకా దగ్గరి స్క్రీన్. అది విరామం కాదు. ఆ ఇరవై సెకన్లలో నేను అడిగేది రెప్పల పని. కళ్లు మెత్తగా పూర్తిగా మూయండి, రెండు సెకన్లు ఆగండి, రెప్పలను కొంచెం బిగించి తెరవండి. అయిదారు సార్లు. తర్వాత దూరంగా చూడండి.

ఇక్కడ ఒక చిక్కుంది. మీటింగ్‌లో ఉన్నప్పుడు మనం Do Not Disturb పెట్టుకుంటాం. అది ఆన్‌లో ఉన్నంతసేపూ ఈ యాప్ విరామాలు చూపించదు. మీటింగ్ అయ్యాక దాన్ని తీయడం మర్చిపోతే రాత్రంతా ఒక్క విరామమూ రాదు, మీరేమో యాప్ ఉందిలే అనుకుంటారు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అసలు ఏ యాప్ వేసుకోవడానికీ పర్మిషన్ ఉండదు, అదింకో చిక్కు. మనం చెప్పుకుంటున్న ఆయనకూ అంతే. చేతి వాచీలో ఇరవై నిమిషాలకోసారి వైబ్రేషన్ పెట్టుకున్నారు. దానికి ఏ ఐటీ డిపార్ట్‌మెంట్ అనుమతీ అక్కర్లేదు.

ఇంకొకటి, ఆయన సీటు సరిగ్గా ఏసీ గాలి ముఖానికి కొట్టే చోట ఉంది. అడిగి సీటు మార్పించుకున్నారు. ఫ్యాన్ కింద ఇంట్లోంచి పనిచేసేవాళ్లు కూడా గాలి ముఖం మీదికి రాకుండా చూసుకోండి. చుక్కల మందు గురించి కూడా ఒక మాట చెప్పాలి. కళ్లు ఎర్రబడ్డాయని మెడికల్ షాపులో అడిగి ఏదో ఒకటి వేసుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే తొందరగా హాయిగా ఉంటుంది, కానీ వారాల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి నరం దెబ్బతినే ప్రమాదం ఉంది. దయచేసి, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

రెండో బాధ, మసక, మెడ నొప్పి. ఆయనది నలభై మూడేళ్ల కన్ను. నలభై దాటాక దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసే బలం తగ్గుతుంది. ఆయన ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకుంటున్నారు. అందులో పైభాగం దూరానికి, కిందభాగం చదవడానికి. మరి మానిటర్ ఎక్కడుంది? ఎదురుగా, స్టాండ్ మీద ఎత్తుగా. అద్దంలోని పైభాగంతో మానిటర్ చూస్తే మసక. కిందభాగంతో చూడాలంటే గడ్డం పైకెత్తాలి. తొమ్మిది గంటలు గడ్డం ఎత్తుకుని కూర్చుంటే మెడ ఏమవుతుంది? టేపు తెచ్చి కొలవమంటే, కంటి నుంచి స్క్రీన్‌కు అరవై అయిదు సెంటీమీటర్లు వచ్చింది. ఆ దూరానికి మాత్రమే సరిపోయే కంప్యూటర్ అద్దాలు విడిగా రాసిచ్చాం. స్టాండ్ తీసేసి, మానిటర్ పై అంచు కంటి ఎత్తుకు కొంచెం కిందికి దించమన్నాం. చూపు కిందికి ఉంటే రెప్ప కూడా కొంత దిగి ఉంటుంది, కంటి ఉపరితలం గాలికి తక్కువ తగులుతుంది. అంటే ఈ ఒక్క మార్పు మంటకు కూడా మందే.

డార్క్ మోడ్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. స్క్రీన్ నల్లగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది. కెమెరా తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పాప పెద్దదైతే కంటిలోని చిన్న చిన్న లోపాలన్నీ బొమ్మలో కనబడతాయి. సిలిండర్ పవర్, అంటే ఆస్టిగ్మాటిజం, ఉన్నవాళ్లకు తెల్లటి అక్షరాల చుట్టూ వెలుగు చెదిరినట్టు కనిపిస్తుంది. డార్క్ మోడ్‌లో అక్షరాలు అలా పూసుకుపోయినట్టు అనిపించేవాళ్లు ఉన్నారా? మీరా బాబూ? మీ సిలిండర్ పవర్ ఒకసారి చూపించుకోండి. గదిలో లైట్లున్నప్పుడు ఎక్కువసేపు చదివే పనికి తెల్ల తెర, నల్ల అక్షరాలే సుఖం. చీకటి గదిలో కాసేపు చూడ్డానికి డార్క్ మోడ్ బాగానే ఉంటుంది.

ఇక మూడోది, నిద్ర. నైట్ లైట్‌కు అసలైన పని ఇక్కడే ఉంది. కానీ ఆయన దాన్ని సరిగ్గా తిరగేసి వాడుతున్నారు. విండోస్‌లో Settings > System > Display > Night light లోకి వెళితే Sunset to sunrise అని ఒక ఎంపిక ఉంటుంది. చాలామంది అదే పెట్టుకుంటారు. ఆ ఎంపిక రాత్రి పది, పదకొండుకు పడుకునేవాళ్లకు సరిపోతుంది. మరి మీకు? సూర్యాస్తమయమప్పుడు మీ పని మొదలవుతుంది. సాయంత్రం ఆరున్నరకు మీకు నిద్ర రావాలా, మెలకువ కావాలా? మెలకువే కావాలి. పొద్దున్న మీరు ఇంటికి వచ్చి పడుకునే ముందు ఆ సమయం అయిపోతుంటుంది. కాబట్టి Set hours ఎంచుకోండి. పడుకునే సమయానికి మూడు గంటల ముందు మొదలవ్వాలి. అయిదుకు పడుకునేవాళ్లు రెండింటికి ఆన్, పదకొండుకు ఆఫ్ అని పెట్టుకోండి. f.lux వాడేవాళ్లకు ఇంకా తేలిక. మీరు ఎన్నింటికి లేస్తారో అడుగుతుంది, దాన్నిబట్టి లెక్క వేసుకుంటుంది. పదకొండు అని నిజం చెప్పండి.

ఆయన విషయంలో ఇంకో విచిత్రం బయటపడింది. "మేడం, ల్యాప్‌టాప్ పసుపు, మిగతా రెండు మానిటర్లు తెలుపు" అన్నారు. పక్కపక్కనే ఒకటి పసుపు, రెండు తెలుపు! కారణం ఆయన వాడే డాక్. కొన్ని డాక్‌లు డిస్‌ప్లేలింక్ అనే పద్ధతిలో యూఎస్‌బీ ద్వారా బొమ్మ పంపిస్తాయి. నేను ఇందాక చెప్పిన గ్రాఫిక్స్ కార్డు దగ్గరి రంగు సర్దుబాటు ఆ దారిలో వెళ్లే బొమ్మకు కొన్నిసార్లు అందదు. అలాంటప్పుడు మానిటర్ బటన్లతోనే లోపలి మెనూలో రంగును Warm కి మార్చుకోవాలి. రిమోట్ డెస్క్‌టాప్‌లో పనిచేసేవాళ్లు కూడా గుర్తుంచుకోండి. అవతలి మెషిన్‌లో నైట్ లైట్ పెట్టి లాభం లేదు, మీ ముందున్న మెషిన్‌లో పెట్టాలి.

ఫోన్‌లో వేసుకునే ఫిల్టర్ యాప్‌ల గురించి కూడా. కొన్ని యాప్‌లు నిజంగా నీలాన్ని తగ్గించవు. స్క్రీన్ మీద ఒక పారదర్శకమైన ఎర్రటి పొర పరుస్తాయి, అంతే. ఎలా తెలుస్తుంది? రెండు గుర్తులు. నల్లగా ఉండాల్సిన చోటు గోధుమరంగులోకి తిరుగుతుంది, అక్షరం వెలిసిపోయినట్టవుతుంది. స్క్రీన్‌షాట్ తీసి ఫిల్టర్ ఆపేసి చూస్తే, ఆ ఫోటోలో కూడా ఎరుపు కనబడుతుంది. నిజమైన నైట్ లైట్ అయితే స్క్రీన్‌షాట్‌లో రంగు పడదు, ఎందుకంటే ఆ మార్పు బొమ్మ తయారయ్యాక జరుగుతుంది. పైగా ఇతర యాప్‌ల మీద కనిపించే పర్మిషన్ ఏ తెలియని యాప్‌కీ ఇవ్వకండి. మీ బ్యాంకు యాప్ మీద కూడా అదే పొర ఉంటుంది. ఫోన్‌తో వచ్చినదే వాడండి.

మరి సమయం సరిచేస్తే నిద్ర వచ్చేస్తుందా? అమెరికాలో లైటింగ్ రీసెర్చ్ సెంటర్ వాళ్లు ఐప్యాడ్ మీద పరీక్షించారు. వెలుగు పూర్తిగా పెట్టి నైట్ షిఫ్ట్‌లో రంగు ఎంత మార్చినా మెలటోనిన్ తగ్గుతూనే ఉంది, ఆ రంగుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే రంగు మార్చినంత మాత్రాన చాలదు, బ్రైట్‌నెస్ కూడా తగ్గించాలి. మానిటర్ బ్రైట్‌నెస్ ఎంత ఉండాలి? ఒక తెల్ల కాగితం తీసుకుని స్క్రీన్ పక్కన పట్టుకోండి. తెల్లటి పేజీ కాగితం కంటే దీపంలా వెలుగుతుంటే ఎక్కువ. బూడిదరంగులో కనిపిస్తే తక్కువ. రెండూ ఒకేలా కనిపించేదాకా సర్దండి. ఆయన మానిటర్ తొంభై శాతం మీద ఉంది. కాగితంతో పోలిస్తే ముప్పై అయిదు సరిపోయింది.

అసలు నిద్ర చెడగొట్టింది ఏమిటో తెలుసా? క్యాబ్‌లో ఫోన్. నాలుగింటికి చీకట్లో, ముఖానికి జానెడు దూరంలో, అరగంటసేపు వీడియోలు. ఇంట్లో పడుకునే గదిలో ఆరు దాటాక ఎండ. ఫోన్ బ్యాగులో పెట్టి, కిటికీకి మందపాటి కర్టెన్ వేయించారు. కష్టమే, ఆ అరగంటే నాకు మిగిలే సమయం అని ఆయన అన్నారు. నిజమే. అందుకే పాటలు వినమన్నాను. చెవులకు వెలుతురుతో పనిలేదు.

ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చారు. కన్నీటి పొర నాలుగు సెకన్ల నుంచి ఎనిమిదికి వచ్చింది. మెడ నొప్పి దాదాపు పోయింది. మంట పూర్తిగా పోలేదు, తొమ్మిదింటికి వచ్చేది ఇప్పుడు రెండింటికి వస్తోందన్నారు. అయిదున్నరకల్లా నిద్ర పడుతోందట. Night light ఇంకా వాడుతున్నారు, రెండింటి నుంచి మాత్రమే, స్లైడర్ సగంలో పెట్టుకుని. చివరిదాకా లాగినప్పుడు డ్యాష్‌బోర్డులో పసుపు హెచ్చరిక, తెల్ల గడి ఒకేలా కనిపించి ఒకసారి అలర్ట్ చూడకుండా వదిలేశారట. అది విన్నాక నేను కూడా అందరికీ సగమే చెప్తున్నాను.

ఒక్క కన్నే మసకబారినా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా, కంటి లోపల నొప్పి ఉన్నా, నల్ల చుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా అది స్క్రీన్ అలసట కాదు. యాప్‌లు వెతకకుండా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మిగతావాళ్లు అద్దాల కోసం ఎక్కడికి వెళ్లినా, బయల్దేరే ముందు టేపు తీసుకుని మీ కంటి నుంచి మానిటర్‌కు ఎన్ని సెంటీమీటర్లో కొలిచి కాగితం మీద రాసుకెళ్లండి. రెండు మానిటర్లుంటే రెండూ కొలవండి. ఆ అంకె లేకుండా కంప్యూటర్ అద్దాలు రాయమంటే మేం ఉజ్జాయింపుగానే రాయాల్సి వస్తుంది. ఇప్పుడు మీ ప్రశ్నలు. మూడో వరసలో చేయెత్తారు, చెప్పండమ్మా.